ఆట డిస్క్‌లోనే ఉంది, అయినా తెరుచుకోదు

కంపెనీ లోగోలు వస్తాయి, సంగీతం మొదలవుతుంది, మెనూ కనిపిస్తుంది. ‘కొత్త ఆట’ నొక్కగానే తెర మూల ఒక చక్రం తిరగడం మొదలుపెడుతుంది. పది నిమిషాలైనా అది ఆగదు. తప్పు జరిగిందని చెప్పే సందేశం రాదు, ఆట మూసుకుపోదు. కంప్యూటర్ లోపలి డిస్క్‌లో కాకుండా బయట తగిలించిన హార్డ్ డిస్క్‌లోనో, ఇంటి నెట్‌వర్క్‌లో ఉన్న డ్రైవ్‌లోనో ఆట పెట్టుకున్నవాళ్లకు ఈ చక్రం బాగా పరిచయం. చాలామంది అక్కడితో గ్రాఫిక్స్ కార్డును అనుమానిస్తారు, డ్రైవర్లు మారుస్తారు, ఆఖరికి రెండు రోజుల డేటా ఖర్చుపెట్టి ఆటంతా మళ్లీ దించుకుంటారు. అయినా చక్రం తిరుగుతూనే ఉంటుంది.

దీనికి ముఖ్యంగా రెండు కారణాలు. ఒకటి, ఆ డిస్క్‌లో రాసుకునే హక్కు ఆటకు లేకపోవడం. రెండు, ఆట అడిగినంత వేగంగా డిస్క్ ఇవ్వలేకపోవడం. తెర మీద రెండూ ఒకేలా కనిపిస్తాయి. వైద్యం మాత్రం పూర్తిగా వేరు. హక్కు లేని చోట ఎంత ఖరీదైన ఎస్ఎస్‌డీ తగిలించినా లాభం లేదు. డిస్క్ నెమ్మదిగా ఉన్న చోట ఎన్ని అనుమతులు ఇచ్చినా ఆట పరుగెత్తదు. కాబట్టి ముందు తేల్చుకోవలసింది ఇది రెంటిలో ఏది అన్నదే.

విండోస్ కంప్యూటర్‌లో అది తేల్చడానికి రెండు నిమిషాలు చాలు. చక్రం తిరుగుతుండగానే Ctrl, Shift, Esc మూడూ కలిపి నొక్కితే టాస్క్ మేనేజర్ వస్తుంది. అందులో Performance అనే భాగానికి వెళ్లి, ఆట ఉన్న డిస్క్‌ను ఎంచుకోవాలి. అక్కడ Active time అని ఒక శాతం కనిపిస్తుంది. డిస్క్ ఎంతసేపు పనిలో ఉందో అది చెబుతుంది. అంకె వంద దగ్గర అతుక్కుని ఉంటే డిస్క్ తలమునకలుగా పనిచేస్తోందని, ఆట దానికోసం ఎదురుచూస్తోందని అర్థం. అంకె సున్నా, ఒకటి దగ్గర ఊరికే కూర్చుని ఉంటే ఆట డిస్క్‌ను ఏమీ అడగడం లేదు. ఎక్కడో కాదనిపించుకుని ఆగిపోయి ఉండవచ్చు. అప్పుడు మొదట చూడవలసింది అనుమతులు.

ఇళ్లలో తరచూ జరిగే సందర్భాన్నే ఉదాహరణగా తీసుకుందాం. విజయవాడలో ఇంజనీరింగ్ చదువుతున్న తమ్ముడి ల్యాప్‌టాప్‌లో 512 జీబీ ఎస్ఎస్‌డీ ఉంది. విండోస్, కాలేజీ సాఫ్ట్‌వేర్లు, ఫొటోలు పోను మిగిలింది వంద జీబీ. హైదరాబాద్‌లో ఉద్యోగం చేస్తున్న అన్న కొత్త ల్యాప్‌టాప్ కొనుక్కుని, పాతదాంట్లోని 1 టీబీ హార్డ్ డిస్క్‌ను ఊడదీసి, నాలుగైదు వందల రూపాయల యూఎస్‌బీ కేసులో పెట్టి పంపాడు. “నా ఆటలన్నీ అందులోనే ఉన్నాయిరా, ఆడుకో” అన్నాడు. తమ్ముడు డిస్క్ తగిలించాడు. అది E: అని వచ్చింది. అందులో Users, దాని లోపల అన్న పేరుతో ఉన్న ఫోల్డర్, దాని లోపల Games. అన్న ఫోల్డర్ మీద నొక్కగానే ఆ ఫోల్డర్ చూడటానికి ప్రస్తుతం మీకు అనుమతి లేదంటూ విండోస్ ఒక పెట్టె చూపించింది. కింద Continue అనే బటన్ ఉంది. అందరూ చేసే పనే తమ్ముడూ చేశాడు, Continue నొక్కాడు. పచ్చగీత కాసేపు నడిచింది, ఫోల్డర్ తెరుచుకుంది. ఆటను నడిపితే మెనూ దాకా వచ్చింది. ఆ తర్వాత చక్రం.

టాస్క్ మేనేజర్‌లో చూస్తే డిస్క్ Active time ఒక శాతం. అంటే ఇక్కడ వేగం గొడవ లేదు.

అసలు జరిగింది ఆ Continue బటన్ దగ్గరే. దాన్ని నొక్కితే ఫోల్డర్ మొత్తం తమ చేతికి వచ్చినట్టే అని అందరూ అనుకుంటారు. ఇలాంటి ఫోల్డర్ మీద విండోస్ ఇచ్చేది చదవడానికి, నడపడానికి సరిపడే హక్కు మాత్రమే. కొత్త ఫైలు తయారుచేయడానికి, ఉన్న ఫైలును మార్చడానికి ఇవ్వదు. మెనూ దాకా ఆటకు కావలసింది చదవడమే కాబట్టి అంతవరకూ ఇబ్బంది రాలేదు. ఆట మొదలుపెట్టేటప్పుడు మాత్రం అది సెట్టింగుల ఫైలునో, గ్రాఫిక్స్ కార్డు కోసం సిద్ధం చేసే షేడర్ ఫైళ్లనో, సేవ్ ఫైలునో తన ఫోల్డర్‌లోనే రాయాలని చూస్తుంది. పాత ఆటలు, మాడ్లు వేసిన ఆటలు ఇలా సొంత ఫోల్డర్‌లో రాసుకోవడం చాలా మామూలు. విండోస్ కుదరదంటుంది. ఆ జవాబు వస్తే ఏంచేయాలో ఆట తయారుచేసినవాళ్లు సరిగా రాసి ఉంటే ఒక సందేశమైనా వస్తుంది. రాయకపోతే ఎన్నటికీ తయారుకాని ఫైలు కోసం ఆట అలాగే చూస్తూ ఉండిపోతుంది.

ఇది ఊహ కాదని రుజువు చేసుకునే మార్గం కూడా ఉంది. మైక్రోసాఫ్ట్ ఉచితంగా ఇచ్చే ప్రాసెస్ మానిటర్ అనే చిన్న సాధనం కంప్యూటర్‌లో ఏ ప్రోగ్రాం ఏ ఫైలును అడిగిందో, దానికి ఏ జవాబు వచ్చిందో వరుసగా చూపిస్తుంది. సెకనుకు వేల వరుసలు పారుతుంటాయి కాబట్టి ఫిల్టర్‌లో ఆట పేరు ఒకటి, Result దగ్గర ACCESS DENIED అని ఒకటి పెట్టుకోవాలి. అప్పుడు తెర మీద కొద్ది వరుసలే మిగులుతాయి. మామూలుగా నడిచే ప్రోగ్రాముల్లోనూ ఒకటీ అరా ACCESS DENIED కనిపిస్తుంటుంది, వాటికి కంగారు పడనక్కరలేదు. చూడవలసింది ఆట సొంత ఫోల్డర్ దారితో ఉన్న వరుసల కోసం. తమ్ముడి కంప్యూటర్‌లో ఆట ఫోల్డర్ లోపలి కాష్ ఫైలు పేరుతో ఒకే వరుస మళ్లీ మళ్లీ వస్తోంది. పక్కన అడిగిన హక్కు Generic Write. జబ్బు అదేనని ఇక అనుమానం లేదు.

అన్న మనస్ఫూర్తిగా ఇచ్చిన డిస్క్ మీద తమ్ముడికి హక్కు ఎందుకు లేదు? విండోస్ మనుషులను పేర్లతో గుర్తుపెట్టుకోదు. ప్రతి కంప్యూటర్‌లో ప్రతి ఖాతాకు S-1-5-21 అని మొదలయ్యే పొడవాటి నంబరు ఒకటి ఇస్తుంది. ఎన్‌టీఎఫ్ఎస్ పద్ధతిలో ఫార్మాట్ చేసిన డిస్క్‌లో ప్రతి ఫోల్డర్ మీదా ఏ నంబరుకు ఏ హక్కు ఉందో రాసి ఉంటుంది. ఆ రాత డిస్క్‌తో పాటే ప్రయాణం చేస్తుంది. అన్న పాత ల్యాప్‌టాప్‌లోని నంబరు తమ్ముడి ల్యాప్‌టాప్‌కు తెలియదు. ఫోల్డర్ మీద కుడి బటన్ నొక్కి Properties లో Security భాగం తెరిస్తే Account Unknown అని, పక్కన ఆ పొడుగు నంబరు కనిపిస్తుంది. అన్నదమ్ములిద్దరూ రెండు ల్యాప్‌టాప్‌లలోనూ ఒకే మెయిల్ ఐడీతో లాగిన్ అయినా తేడా రాదు. నంబరు కంప్యూటర్‌కూ కంప్యూటర్‌కూ మారిపోతుంది.

ఇక్కడ ఎక్కువమంది ఎంచుకునే దారి ఆటను Run as administrator తో నడపడం. దాంతో ఆట నడుస్తుంది కూడా, ఎందుకంటే అడ్మినిస్ట్రేటర్ల బృందానికి ఆ ఫోల్డర్ మీద పూర్తి హక్కు ఉంది. జబ్బు అనుమతులదే అని ఖాయం చేసుకోవడానికి ఒకసారి అలా నడిపి చూడటం మంచి పరీక్షే. రోజూ అలా నడపడం మాత్రం మంచిది కాదు. ఒక ఫోల్డర్‌లో రాసుకునే వీలు కావలసిన ప్రోగ్రాంకు కంప్యూటర్ మొత్తం మీద పెత్తనం ఇచ్చినట్టవుతుంది. ఎవరు తయారుచేశారో తెలియని మాడ్లు వేసుకున్న ఆట అయితే ఆ ప్రమాదం ఇంకా ఎక్కువ.

సరైన పని ఫోల్డర్ మీద హక్కును సరిచేయడం. కమాండ్ ప్రాంప్ట్‌ను అడ్మినిస్ట్రేటర్‌గా తెరిచి ఈ రెండు వరుసలు ఇస్తే చాలు. మొదటిది ఫోల్డర్ యాజమాన్యాన్ని ఇప్పటి ఖాతాకు మారుస్తుంది. రెండోది ఈ కంప్యూటర్ వాడే అందరికీ అందులో చదివే, రాసే, మార్చే హక్కు ఇస్తుంది.

```
takeown /F "E:\Users\anna\Games" /R /D Y
icacls "E:\Users\anna\Games" /grant *S-1-5-32-545:(OI)(CI)M /T
```

రెండో వరుసలోని S-1-5-32-545 కూడా నంబరే. కాకపోతే ఇది ఏ ఒక్క మనిషిదీ కాదు, ‘వాడుకరులు’ అనే బృందానిది. ప్రపంచంలో ఏ విండోస్ కంప్యూటర్‌లోనైనా ఈ బృందానికి ఇదే నంబరు. అందుకే రేపు ఈ డిస్క్ మరో ల్యాప్‌టాప్‌కు వెళ్లినా ఈ హక్కు చెల్లుతుంది. దారిని మాత్రం ఒకటికి రెండుసార్లు సరిచూసుకుని ఆట ఫోల్డర్ వరకే ఇవ్వాలి. ఈ కమాండ్లను C: మొత్తం మీద ప్రయోగిస్తే విండోస్ తనకోసం పెట్టుకున్న కట్టుదిట్టాలన్నీ చెదిరిపోతాయి.

కమాండ్లంటే భయపడేవాళ్లకు ఇంకో దారి ఉంది. డిస్క్‌లో E:\Games అని కొత్త ఫోల్డర్ తయారుచేసి, ఆటను అందులోకి కాపీ చేయడం. కాపీ చేసిన ఫైళ్లకు కొత్త చోటి హక్కులు వస్తాయి. కట్ చేసి పేస్ట్ చేస్తే అలా జరగదు. ఒకే డిస్క్‌లో ఒక చోటి నుంచి ఇంకో చోటికి జరిపిన ఫైళ్లు పాత హక్కులను వెంటపెట్టుకుని వెళ్తాయి. “ఫోల్డర్ మార్చినా పనిచేయలేదు” అనేవాళ్లలో చాలామందికి జరిగేది ఇదే.

తమ్ముడి ఆట తెరుచుకుంది. కానీ ఒక్కో దశ లోడ్ కావడానికి అయిదారు నిమిషాలు పడుతోంది. ఈసారి టాస్క్ మేనేజర్ వేరే కథ చెబుతోంది. Active time నూరు శాతం. చదువుతున్న వేగం చూస్తే సెకనుకు మూడు నాలుగు ఎంబీలే. హార్డ్ డిస్క్ సెకనుకు వంద ఎంబీ పైగా ఇస్తుందని అట్ట మీద చదివినవాళ్లకు ఇది చోద్యంగా అనిపిస్తుంది. వంద శాతం పనిచేస్తూ మూడు ఎంబీలే ఇవ్వడం ఏమిటి?

ల్యాప్‌టాప్ హార్డ్ డిస్క్ లోపల పళ్లెం ఒకటి సాధారణంగా నిమిషానికి 5400 సార్లు తిరుగుతుంది. ఒక చుట్టుకు 11 మిల్లీసెకన్లు. కావలసిన సమాచారం ఉన్న గీత మీదికి ముల్లు జరగాలి, ఆ తర్వాత ఆ చోటు తిరిగి ముల్లు కిందికి రావాలి. రెండూ కలిపి సగటున 15 మిల్లీసెకన్లు పడుతుందనుకుందాం. ఒక పెద్ద సినిమా ఫైలును చదివేటప్పుడు ఒకసారి చోటు దొరికితే చాలు, ఆపైన వరుసగా చదువుకుంటూ పోవచ్చు. ఆటకు అలా కుదరదు. ఒక్క వీధి తెర మీదికి రావాలంటే గోడ బొమ్మ ఒక చోట, చెట్టు ఇంకో చోట, అడుగుల చప్పుడు మరో చోట ఉంటాయి. ఒక దశకు 6 జీబీ కావాలని, అది డిస్క్‌లో 20 వేల ముక్కలుగా చెదిరి ఉందని అనుకుంటే, ముల్లు 20 వేల సార్లు చోటు వెతకాలి. 15 మిల్లీసెకన్ల చొప్పున వెతుకులాటకే 300 సెకన్లు, అంటే అయిదు నిమిషాలు. చదవడానికి పట్టేది, సెకనుకు 120 ఎంబీ లెక్కన, ఇంకో 50 సెకన్లు మాత్రమే. ముక్కలు ఇంకా చిన్నవైన చోట వేగం మూడు ఎంబీలకు పడిపోతుంది. ఎస్ఎస్‌డీలో ముల్లు లేదు, పళ్లెం లేదు. ఒక్కో వెతుకులాటకు మిల్లీసెకనులో పదో వంతు వేసుకున్నా 20 వేలకు రెండు సెకన్లు.

ఈ లెక్క ఆటలు తయారుచేసేవాళ్లకు బాగా తెలుసు. అందుకే ముల్లు అటూ ఇటూ తిరగకుండా, ఒకే బొమ్మను అవసరమైన ప్రతి చోటా నకలు పెట్టేవారు. చోటు వృథా అయినా వేగం దక్కుతుందని లెక్క. హెల్‌డైవర్స్ 2 ఇందుకు ఉదాహరణ. కంప్యూటర్‌లో ఆ ఆట 150 జీబీ దాటిపోయింది, గేమ్ కన్సోళ్లలో మాత్రం అందులో నాలుగో వంతు కూడా లేదు. నకళ్లన్నీ హార్డ్ డిస్క్ వాడేవాళ్ల కోసం పెట్టినవే. 2025 చివర్లో తయారీదారులు కొలిచి చూస్తే, ఆ ఆటలో ఎక్కువ సమయం తీసుకుంటున్నది డిస్క్ కాదని, దశను అప్పటికప్పుడు అల్లే లెక్కలని తేలింది. నకళ్లు తీసేస్తే ఆట సుమారు 23 జీబీకి దిగింది, హార్డ్ డిస్క్ వాళ్లకు పెరిగిన నిరీక్షణ కొన్ని సెకన్లే. అన్ని ఆటలూ ఇలా ఉండవు. డిస్క్ మీద నింద వేసే ముందు టాస్క్ మేనేజర్‌లో అంకె చూడాలని చెప్పడానికి ఇంతకంటే మంచి రుజువు దొరకదు.

మరోవైపు కొన్ని ఆటలు హార్డ్ డిస్క్‌తో తెగతెంపులు చేసుకున్నాయి. బాల్డర్స్ గేట్ 3 కనీస అవసరాల్లోనే 150 జీబీ చోటుతో పాటు ఎస్ఎస్‌డీ ఉండాలని రాశారు. స్టార్‌ఫీల్డ్‌దీ అదే మాట. సైబర్‌పంక్ 2077 మొదట హార్డ్ డిస్క్‌ను అనుమతించి, 2023లో కనీస అవసరాల జాబితా మార్చి ఎస్ఎస్‌డీ కావాలంది. నగరంలో కారు నడుపుతుంటే ముందున్న వీధులను డిస్క్ నుంచి అప్పటికప్పుడు తెచ్చుకునే ఆట అది. డిస్క్ వెనకబడితే రోడ్డు మీద బొమ్మలు ఆలస్యంగా మొలుస్తాయి, మాటలు వినిపించవు, ఆట కాసేపు బిగుసుకుపోతుంది. కన్సోళ్ల కంపెనీలు ఇంకా కచ్చితంగా ఉన్నాయి. సెకనుకు 5.5 జీబీ చదివే ఎస్ఎస్‌డీతో వచ్చిన ప్లేస్టేషన్ 5లో, ఆ కన్సోల్ కోసమే చేసిన ఆటలను యూఎస్‌బీ డిస్క్‌లో దాచుకోవచ్చు గానీ అక్కడి నుంచి ఆడనివ్వరు. ఆ దాచుకునే వీలు కూడా 2021 ఏప్రిల్ అప్‌డేట్‌తో వచ్చిందే. ప్లేస్టేషన్ 4 ఆటలకు ఆ ఆంక్ష లేదు. ఎంతకీ తెగని చక్రాన్ని చూపించడం కంటే ముందే కుదరదని చెప్పేయడం ఆటగాడికి మేలు. కంప్యూటర్‌లో ఆ మాట చెప్పేవాళ్లు లేరు కాబట్టి తెలుసుకునే బాధ్యత వాడేవాళ్ల మీద పడింది.

డిస్క్ సంగతి పక్కన పెడితే, దానికీ ల్యాప్‌టాప్‌కూ మధ్య ఉన్న తీగ కూడా దోషి కావచ్చు. యూఎస్‌బీ 2.0 దారిలో ఎంత మంచి డిస్క్ పెట్టినా సెకనుకు దాదాపు 40 ఎంబీ దాటదు. యూఎస్‌బీ 3.0 దారిలో మామూలు హార్డ్ డిస్క్‌కు ఆ అడ్డు ఉండదు. బయటి డిస్క్ కేసులకు వచ్చే తీగ కొసను దగ్గరగా చూస్తే అది రెండు గదులుగా, వెడల్పుగా, చదునుగా ఉంటుంది. అది పోయిందనుకోండి, పాత ఫోన్ల చార్జింగ్ తీగ అందులో సగంలో చక్కగా పడుతుంది, డిస్క్ పనిచేస్తుంది. కానీ 2.0 వేగంతోనే. ఎవరికీ అనుమానం రాని చోటు ఇది. పరీక్ష సులువే. నాలుగైదు జీబీల సినిమా ఫైలు ఒకటి డిస్క్ నుంచి ల్యాప్‌టాప్‌లోకి కాపీ చేస్తే, వేగం 35, 40 దగ్గర గీత గీసినట్టు ఆగిపోతే తీగనో, పోర్టునో, మధ్యలో పెట్టిన హబ్‌నో మార్చాలి. వంద దాటితే దారి బాగానే ఉంది, ముల్లే నెమ్మది. ఆటతో కాకుండా సినిమా ఫైలుతో చూడమనేది ముల్లు సంగతి కలవకుండా దారి వేగం ఒక్కటే తెలియాలని.

డిస్క్ ఆట మధ్యలో ఠక్కున శబ్దం చేసి, విండోస్ పరికరం ఊడిపోయినప్పుడు చేసే చప్పుడు చేసి, మళ్లీ తగులుకుంటుంటే అది వేగం కాదు, కరెంటు చాలకపోవడం. హబ్ తీసేసి నేరుగా ల్యాప్‌టాప్ పోర్టుకే పెట్టి చూడాలి.

తమ్ముడి విషయంలో తీగ సరైనదే. ముల్లుకు మందు లేదు. ఆడుతున్న ఆట ఒక్కదాన్నీ లోపలి ఎస్ఎస్‌డీలోకి కాపీ చేసుకుని, మిగతావి బయట ఉంచుకోవడం అతనికి ఖర్చు లేని దారి. స్టీమ్‌లో కొన్న ఆటలైతే Settings లో Storage అనే చోట ఆటను ఎంచుకుని Move నొక్కితే సరిపోతుంది, మళ్లీ దించుకునే పని ఉండదు. పాతకాలపు ఆటలు, రెండు కొలతల బొమ్మల ఆటలు హార్డ్ డిస్క్ నుంచి హాయిగా నడుస్తాయి. వాటిని కదిలించక్కరలేదు. కొంత ఖర్చు పెట్టగలిగితే అదే యూఎస్‌బీ 3.0 కేసులో హార్డ్ డిస్క్ బదులు సాటా ఎస్ఎస్‌డీ పెట్టినా లోడింగ్ నిమిషాల నుంచి సెకన్లలోకి దిగుతుంది.

ఇక నెట్‌వర్క్ డ్రైవ్. ఇంట్లో ఒక మూల పెట్టిన నాస్ పెట్టెలోనో, డెస్క్‌టాప్‌లో షేర్ చేసిన ఫోల్డర్‌లోనో ఆటలన్నీ ఉంచి, ల్యాప్‌టాప్‌లో దాన్ని Z: అని తగిలించుకునేవాళ్లు ఇప్పుడు పెరుగుతున్నారు. ఇక్కడ అనుమతుల తలనొప్పి రెండింతలు.

మొదటిది, నెట్‌వర్క్ ఫోల్డర్‌కు రెండు గుమ్మాలు ఉంటాయి. షేర్ మీద ఒక హక్కు, ఫోల్డర్ మీద ఇంకో హక్కు. రెంటిలో ఏది తక్కువైతే అదే చెల్లుతుంది. విండోస్‌లో Advanced Sharing ద్వారా షేర్ చేస్తే మామూలుగా అందరికీ ఇచ్చేది చదివే హక్కే. ఫోల్డర్ మీద పూర్తి హక్కు ఇచ్చి, షేర్ గుమ్మం మరిచిపోయినవాళ్లకు అదే పాత కథ: మెనూ దాకా వచ్చి ఆగే ఆట. ల్యాప్‌టాప్ నుంచి ఆట ఫోల్డర్‌లో ఒక ఖాళీ టెక్స్ట్ ఫైలు తయారుచేసి చూస్తే వెంటనే తెలిసిపోతుంది.

రెండోది ఇంకా చిత్రమైనది. ఎక్స్‌ప్లోరర్‌లో Z: కళ్లముందే కనిపిస్తుంది, ఆట మాత్రం Z: అనే డ్రైవే లేదంటుంది. అడ్మినిస్ట్రేటర్ ఖాతాలో లాగిన్ అయినా విండోస్ ఆ మనిషికి రెండు గుర్తింపులు ఇస్తుంది. మామూలు పనులకు ఒకటి, అడ్మినిస్ట్రేటర్ పనులకు ఒకటి. Z: ను తగిలించింది మామూలు గుర్తింపు. Run as administrator తో నడిపిన ఆట రెండో గుర్తింపుతో నడుస్తుంది, దానికి ఆ డ్రైవ్ లేదు. బయటి డిస్క్ దగ్గర పనిచేసిన చిట్కా ఇక్కడ ఎదురు తిరగడానికి కారణం అదే. అడ్మినిస్ట్రేటర్‌గా తెరిచిన కమాండ్ ప్రాంప్ట్‌లో `net use` అని ఇచ్చి చూస్తే, Z: అందుబాటులో ఉన్నట్టు చూపించదు. మామూలు కమాండ్ ప్రాంప్ట్‌లో అదే మాట ఇస్తే Z: తగిలి ఉన్నట్టే కనిపిస్తుంది. అడ్మినిస్ట్రేటర్ గుర్తింపులో కూడా ఆ డ్రైవ్ కావాలంటే అదే కిటికీలో విడిగా తగిలించాలి. ఆట తెర వెనక నడిచే సర్వీసుల సంగతి ఇంకా కష్టం. సిస్టమ్ ఖాతాతో నడిచే సర్వీసుకు లాగిన్ అయిన మనిషి తగిలించుకున్న Z: ఎలాగూ కనిపించదు. అలాంటి సర్వీసు మీద ఆధారపడే ఆన్‌లైన్ ఆటలను నెట్‌వర్క్ డ్రైవ్‌లో పెట్టకపోవడమే ఉత్తమం.

వేగం సంగతీ ఉంది. గిగాబిట్ తీగతో సెకనుకు 110 ఎంబీ దాకా వస్తుంది, ఇది హార్డ్ డిస్క్‌కు సమానమే. కానీ ఒక్కో చిన్న ఫైలు తెరవడానికి ల్యాప్‌టాప్‌కూ నాస్‌కూ మధ్య పలుమార్లు ప్రశ్నోత్తరాలు జరుగుతాయి. తీగ మీద ఒక్కో రాకపోకకు మిల్లీసెకను లోపే. వైఫై మీద అది నాలుగైదు మిల్లీసెకన్లు కావచ్చు, పక్కింటి వైఫై అడ్డొస్తే ఇంకా ఎక్కువ. వేల ఫైళ్లు తెరిచే ఆటలో నాస్ లోపల ఎస్ఎస్‌డీ ఉన్నా ఈ ఆలస్యం పోదు. కాబట్టి నెట్‌వర్క్ నుంచి ఆట ఆడాలంటే తీగ తప్పనిసరి.

ఈ అనుమతుల చిక్కులన్నిటినీ ఒకేసారి దాటే పద్ధతి ఐస్కజీ. చాలా నాస్ పెట్టెల్లో ఈ వీలు ఉంటుంది, విండోస్‌లో iSCSI Initiator అనే పేరుతో దానికి కావలసినది ముందే ఉంటుంది. ఇందులో నాస్ ఫోల్డర్‌ను కాకుండా ఏమీ లేని ఖాళీ డిస్క్‌ను ఇస్తుంది. దాన్ని ల్యాప్‌టాప్ సొంత డిస్క్‌లాగే ఎన్‌టీఎఫ్ఎస్‌లో ఫార్మాట్ చేసుకుంటుంది. షేర్ గుమ్మం ఉండదు, రెండు గుర్తింపుల గొడవ ఉండదు, సర్వీసులకు కూడా ఆ డ్రైవ్ కనిపిస్తుంది. తీగ వేగానికి ఉన్న హద్దు మాత్రం ఎప్పటిలాగే ఉంటుంది. ఇంకో ముఖ్యమైన కట్టుబాటు కూడా ఉంది. ఆ డిస్క్‌ను ఒకసారి ఒక్క కంప్యూటరే తగిలించుకోవాలి. అన్న ల్యాప్‌టాప్, తమ్ముడి ల్యాప్‌టాప్ రెండూ ఒకేసారి దానికి కలిస్తే, ఒకరు రాస్తున్నది రెండోవాళ్లకు తెలియక ఫైళ్ల పట్టిక చెడిపోతుంది, అందులోని ఆటలన్నీ ఒక్కసారిగా పోతాయి. ఇద్దరూ ఆడాలంటే నాస్‌లో ఇద్దరికీ చెరొక డిస్క్ విడిగా తయారుచేసుకోవాలి.